ఎరుపు కింద పసుపు

ఈ విషయంలో నా తెలివితక్కువతనాన్ని చాలాకాలం దాచిపెట్టాను. దాచడం మా ఇంటిల్లిపాదికీ అలవాటే. ముందుకు పోతే మీకే తెలుస్తుంది. ఇప్పుడు దాచడానికి ఓపిక లేదు కాబట్టి మొదటే ఒప్పుకుంటున్నాను. పుండు ఫోటో చూసి దాని జాతకం పది సెకన్లలో చెప్పగలనని నేను నమ్మేవాణ్ణి. నమ్మి ఊరుకుంటే ఫరవాలేదు, దాన్ని పిల్లలకు పాఠంగా చెప్పి జీతం తీసుకునేవాణ్ణి.

మా నాన్న సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. కరెంటు మగ్గాలను మా దిక్కు సాంచాలంటారు. నా గొంతు బాగుంటుందని చిన్నప్పుడు ఎవరో అన్నారట, నన్ను గాయకుణ్ణి చేద్దామని ఆయన ఆశ. చివరికి నేను అయింది గాయాలవాణ్ణి. నర్సింగ్ చదివి, కొన్నాళ్లు ఆసుపత్రిలో కట్లు కట్టి, తరవాత జగిత్యాలలో ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాను. పిల్లలు నాకు పెట్టిన పేరు పుండ్ల సారు. ఎదురుగా అనేవారు కాదు గాని, నేను వరండాలోకి వస్తుంటే ఆ రెండు మాటలు నాకన్నా ముందు గదిలోకి పోయేవి.

నా దగ్గర ఒక ఆల్బం ఉండేది. ఆసుపత్రిలో పనిచేసినప్పటి నుంచి కూడబెట్టిన పుండ్ల ఫోటోలు. ఇతరులు పెళ్లి ఆల్బం చూపించినంత మురిపెంగా నేను దాన్ని చూపించేవాణ్ణి. పాఠం తేలికే. పుండు అడుగున ఏ రంగు ఎంత ఉందో చూడాలి. ఎర్రగా, తడిగా మెరుస్తూ, ఒలిచిన దానిమ్మలాగ చిన్న చిన్న బుడిపెలతో ఉంటే అది గ్రాన్యులేషన్, అంటే కొత్తగా పుడుతున్న కండ. పసుపుగానో బూడిదరంగుగానో మెత్తగా, పాలమీగడ తొరకలాగ అంటుకుని ఉంటే స్లఫ్, చచ్చిన కండ. దాన్ని చీము అనుకునే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. చీము తుడిస్తే పోతుంది, స్లఫ్ తుడిచినా పట్టుకునే ఉంటుంది. నల్లగా పెచ్చు కట్టి ఉంటే అది పూర్తిగా చచ్చినది. ఎరుపు ఇంత శాతం, పసుపు ఇంత, నలుపు ఇంత అని మూడూ కలిపి నూరు చేయాలి. ఆ తరవాత ఇన్ఫెక్షన్ గుర్తులు: చుట్టూ చర్మం వాచిందా, ఎరుపు పాకుతోందా, చీము ఉందా, ఎర్రటి కండ కాస్తా ముదురు రంగుకు తిరిగి, తాకితే చాలు నెత్తురు కారుతోందా. మనవాళ్ల చామనచాయ ఒంటి మీద ఎరుపు ఎరుపుగా కనబడదు, ముదురు వంకాయ రంగుగా కనబడుతుంది, అది గుర్తుపెట్టుకోండి అని కూడా చెప్పేవాణ్ణి.

ఫోటో తీసే పద్ధతి వేరే పాఠం. రోగిని అడిగి తీయాలి. ముందు పుండు కడగాలి. పూసిన మందులు, పసుపు, ఆకుపసరు ఏమున్నా తీసేయాలి. పగటి వెలుతురులో, పక్కన కొలతల కాగితం పెట్టి తీయాలి. ఎంత బాగా తీసినా ఫోటోకు వాసన ఉండదు, వేడి ఉండదు, లోతు సరిగా తెలియదు. ఇవన్నీ బోర్డు మీద రాయించి, నోట్సులో రాయించి, పరీక్షలో రాయించేవాణ్ణి. నేను మాత్రం ఎక్కడా రాసుకోలేదు. నాకు నోటికి వచ్చు గదా.

మా అక్కను కోరుట్ల అబ్బాయికి ఇచ్చారు. అబ్బాయి అంటున్నాను గాని ఇప్పుడు ఆయనకు తల నెరిసింది. బావ పెళ్లయ్యాక సిరిసిల్ల వచ్చి మా నాన్న పనిచేసిన కార్ఖానాలోనే సాంచాలు నడిపాడు. ఒక మనిషి నాలుగు సాంచాలు చూసుకుంటూ అటూ ఇటూ నడుస్తూనే ఉండాలి. బావ నడిచిన దూరం తిన్నగా వేస్తే ఢిల్లీ వచ్చేదని నేనంటే, ‘అచ్చేది గాని మళ్ల సాంచ కాడికే అస్తుంటి గద బామ్మర్దీ’ అనేవాడు. తరవాత గుడ్డకు గిరాకీ పడిపోయింది. వారంలో మూడు రోజులు సాంచాలు ఆగేవి. ఆ ఆగిన రోజుల నిశ్శబ్దం ఎలా ఉంటుందో సిరిసిల్లలో పుట్టినవాళ్లకే తెలుసు. చప్పుడు లేకపోతే మాకు నిద్ర పట్టదు. ఆ రోజుల్లో కొన్ని ఇళ్లలో జరిగినవి నేను ఇక్కడ రాయను. మా ఇంట్లో అలాంటిది జరగకూడదనే అక్క బావను దుబాయి పంపింది.

నిజానికి ఆయన పోయింది దుబాయి కాదు, వేరే ఎడారి దేశం. మా జిల్లాల్లో సముద్రం దాటితే అంతా దుబాయే. రాయికల్ దిక్కు ఏజెంటొకడు పంపాడు. సామాన్లు మోసే పని. అక్క అత్తగారి ఊరు కోరుట్లకు వెళ్లి, ఒక గది అద్దెకు తీసుకుని బీడీలు చేస్తూ కూర్చుంది. ఆదివారం నేను జగిత్యాల నుంచి బస్సెక్కి పోయేవాణ్ణి. ఒడిలో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండానే అన్ని కబుర్లు చెప్పేది. బావకు షుగర్ ఉందని మాకు తెలుసు. అక్కడి గదిలో పదిమంది, వండుకునేది ఒకపూట, గోలీలు ఇక్కడినుంచి ఎవరో ఒకరు పట్టుకుపోవాలి. అన్నీ తెలిసినవే.

ఆ ఆదివారం అక్క మొదటిసారి తల ఎత్తి, ఫోను నా చేతికిచ్చింది.

‘మీ బావకు అరికాల్ల పుండయిందట తమ్మీ. బూటుల మొల గుచ్చుకున్నదట. ఫోటో పెట్టిండు. నువ్వు సూడు.’

చూశాను. అరికాలు, బొటనవేలి కింద ఉబ్బెత్తు భాగం. రూపాయి బిళ్లకన్నా కొంచెం పెద్ద పుండు. ఎర్రగా ఉంది. ఇంత ఎరుపు ఈ మధ్య నా ఆల్బంలో కూడా చూడలేదు. పది సెకన్లు అక్కర్లేదు, ఐదు చాలు.

‘కొత్త కండ మస్తుగ పుట్టింది అక్కా. నూటికి ఎనభై ఐదు మంచిగనే ఉన్నది. భయం లేదు.’

‘నొప్పి గూడ లేదన్నడు.’

‘ఇంకేంది మరి’ అన్నాను.

ఈ ఒక్క మాటకే నన్ను కాలేజీ నుంచి పంపించేయవచ్చు. షుగర్ ముదిరినవాళ్ల కాళ్లలో నరాలు మొద్దుబారతాయి. వాళ్లకు నొప్పి లేదంటే సంతోషించకూడదు, అనుమానించాలి. మేకు గుచ్చుకున్న సంగతే బావకు బూటు విప్పి నెత్తురు చూసేదాకా తెలియలేదట. అది విని కూడా నేను ‘ఇంకేంది మరి’ అన్నాను. అక్క ఆ రోజు నాకు కోడికూర వండిపెట్టింది. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

తరవాతి ఆదివారం ఇంకో ఫోటో. మళ్లీ ఎరుపు. పుండు చిన్నదవుతోందో పెద్దదవుతోందో చెప్పడానికి పక్కన కొలత లేదు. నేను అడగలేదు. మూడో వారం ఇంకొకటి. అక్క నా మాటలను ఎప్పటికప్పుడు ఫోనులో బావకు చేరవేస్తుండేది. ‘తమ్ముడు ఎనభై ఐదన్నడు’ అని ఆమె సంబరంగా చెబుతుంటే, ఆ అంకెకు నేనే మురిసిపోయేవాణ్ణి. పరీక్షలో నాకెప్పుడూ అన్ని మార్కులు రాలేదు.

ఆ మూడో ఫోటోను నేను కాలేజీకి పట్టుకుపోయాను. బావను అడగలేదు. మొహం కనబడదు గదా, పేరు లేదు గదా అనుకున్నాను. గోడ మీద తెర కట్టి, ప్రొజెక్టరులో పెద్దగా చూపించి, ఇదీ ఆరోగ్యమైన గ్రాన్యులేషన్ అన్నాను. మంచం అంత పెద్దగా మా బావ అరికాలు తెర మీద పరుచుకుంది. పిల్లలు రాసుకుంటున్నారు.

రెండో బెంచిలో సిరిసిల్ల అమ్మాయి ఒకతె ఉండేది. రెండో ఏడు చదువుతోంది. వాళ్ల నాన్న నూలుకు రంగులద్దే కార్ఖానాలో పనిచేస్తాడు. ఆ అమ్మాయి గోళ్ల అంచుల్లో కూడా ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది, సెలవుల్లో ఇంటికి పోయి తండ్రికి సాయపడేది కాబట్టి. తక్కువ మాట్లాడేది. ఆ రోజు లేచి నిలబడింది.

‘సార్, గది కండ కాదేమో సార్. రంగు లెక్కున్నది.’

‘రంగే గదమ్మా మనం చూసేది’ అన్నాను. పిల్లలు నవ్వారు. నా చలోక్తులకు నవ్వడం వాళ్ల పాఠ్యాంశంలో భాగం.

ఆ అమ్మాయి నవ్వలేదు. తెర దగ్గరికి వచ్చి వేలు పెట్టి చూపించింది.

‘కండ ఎరుపైతె పుండు అంచు కాడ ఆగాలె గద సార్. గిది అవుతల పగుళ్లల్లకు గూడ పాకింది, నూలుకు రంగు పాకినట్టు. ఇగ గీ నడిమిట్ల సూడుండ్రి, ఎరుపు కాదు, నారింజ కొడుతున్నది. పసుపు మీద ఎరుపు ఏస్తేనే గట్లయితది. మా బాపు దినాం గదే పని జేస్తడు.’

ఇప్పుడు ఆలోచిస్తే, అంతకన్నా శుభ్రంగా పుండును చదివినవాళ్లను నేను చూడలేదు. కాని ఆ రోజు గదిలో నలభై మంది నా మొహం చూస్తున్నారు. పుండ్ల సారుకు పరువు ఉంది. ఆ పరువు మీద వేలు పెట్టింది రంగుల కార్ఖానా పిల్ల.

‘మీ బాపు కార్ఖాన గాదు బిడ్డా గిది. గీడ అద్దకం పని జెయ్యరు. కూసో’ అన్నాను.

గది మొత్తం నవ్వింది. ఆ అమ్మాయి కూర్చుంది. నోట్సులో నేను చెప్పినట్టే రాసుకుంది: గ్రాన్యులేషన్ ఎనభై ఐదు శాతం, స్లఫ్ పదిహేను, నలుపు లేదు, ఇన్ఫెక్షన్ గుర్తులు లేవు. ఆ పేజీ తరవాత నేను చూశాను, అందుకే తెలుసు.

నేను కూడా సిరిసిల్లవాణ్ణే. రంగు నూలులోకి ఎలా పాకుతుందో చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణే. ఆ అమ్మాయి చెప్పింది నాకు అర్థమైంది. అర్థమవడమే కోపం తెప్పించింది. అర్థమయ్యాక కూడా పది రోజులు నేను ఏమీ చేయలేదు. ఒక్క ఫోను చేసి, ‘బావా, కాలు కడిగి, ఎండపొడలో పెట్టి మళ్లొక్క ఫోటో తియ్యి’ అంటే సరిపోయేది. ఏ రోగికైనా, ఏ విద్యార్థికైనా చెప్పే మాటే. సొంత బావకు చెప్పడానికి పది రోజులు పట్టింది. చెబితే, ఆ అమ్మాయి మాట నిజమేమోనని నేను అనుకున్నట్టు అవుతుంది గదా.

ఆ మధ్యలో ఒక ఆదివారం అక్క దగ్గరికి పోలేదు. కాలేజీ వాళ్లంతా వేములవాడ దర్శనానికి పోతుంటే వాళ్లతో పోయాను. గుడి మెట్ల దగ్గర కాలికి గుడ్డ చుట్టుకుని కూర్చున్న ఒక ముసలాయన కనబడ్డాడు. ఆ గుడ్డ మీద పసుపుపచ్చని మరక. మీద కుంకుమ పడి అక్కడక్కడ నారింజ రంగుకు తిరిగి ఉంది. దర్శనం వరస కదిలింది. నేను కదల్లేదు. వెనకవాళ్లు నెట్టారు.

మర్నాడు తరగతులకు ముందే బావకు వీడియో కాల్ చేశాను. డ్యూటీలో ఉన్నానన్నాడు. మధ్యాహ్నం అన్నం విరామంలో చేయమన్నాను. చేశాడు. కాలు చూపించమంటే, కట్టు కట్టాను, ఎందుకు బామ్మర్దీ అన్నాడు. విప్పమన్నాను. ఫోనులో ఎరుపు కనబడింది.

‘అది కడుగు బావా. కాగబెట్టి చల్లార్చిన నీళ్లతోటి, శుభ్రమైన గుడ్డ పెట్టి మెల్లగ తుడువు.’

విప్పిన కట్టును మడతపెట్టాడు. ఆ తరవాత, ‘నీకు ఎవరు జెప్పిండ్రు?’ అన్నాడు.

నాకు ఎవరు చెప్పారో నేను చెప్పలేదు. అప్పుడు ఆయనే బయటపెట్టాడు. తన గదిలో ఉండే ఒకతను మెట్‌పల్లి నుంచి ఎర్రమందు సీసా తెచ్చుకున్నాడట. దెబ్బలకు పూస్తారే, అది. బావ పుండు మీద ముందు మందుగానే పూశాడు. పూస్తే ఎర్రగా, చూడ్డానికి బాగుంది. పూయకుండా మొదట తీసిన ఫోటో ఆయనకే భయం పుట్టించిందట, అక్క చూస్తే ఆగదని దాన్ని తుడిచేశాడు. అప్పటినుంచి ప్రతి ఫోటోకు ముందు ఒక పూత. పెళ్లిచూపులకు పౌడరు రాసినట్టు.

కడిగాక ఫోటో పెట్టాడు. పక్కన కొలత కాగితం లేకపోతే రూపాయి బిళ్ల పెట్టమన్నాను. మన రూపాయి బిళ్ల ఒకటి ఆయన దాచుకుని ఉన్నాడు. దాని పక్కన పుండు మూడింతలుంది. అడుగంతా బూడిద కలిసిన పసుపు. దారాలు దారాలుగా అంటుకున్న స్లఫ్. ఒక మూల నల్లగా. అంచు కింద చర్మం లోపలికి బోలుగా పోయినట్టు నీడ పడుతోంది. కొత్త కండ ఎక్కడో ఒక గీత, అదీ ముదురు రంగు. ఎర్రమందు కమ్మేసినంతసేపు కనబడనిది ఇప్పుడు కనబడింది: పుండు చుట్టూ, వేళ్ల మొదళ్ల నుంచి పాదం మీదికి, చర్మం వాచి, నున్నగా, వంకాయ రంగుకు తిరిగి ఉంది. అంటే ఆ ఎరుపు రెండు అబద్ధాలు ఆడింది. లోపలి పసుపును దాచింది, బయటి ఎరుపును కూడా దాచింది.

శాతాలు లెక్కపెట్టలేదు. ఈరోజే, ఇప్పుడే ఆసుపత్రికి పో అన్నాను. చెప్పకుండా పోతే కంపెనీ ఇంటికి పంపిస్తుందని ఆయన భయం. కాలుంటేనే గదా కంపెనీ అని నేను అరిచాను. మెల్లగా అన్నాడు, ‘కంపెనీ ఉంటెనే గద ఇల్లు’ అని. రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు చలిజ్వరంతో వణుకుతుంటే గదిలోవాళ్లే తీసుకుపోయారు. ఇన్ఫెక్షన్ ఎముకకు పట్టి, పైకి పాకిందన్నారు. మోకాలి కింద కాలు తీసేశారు.

బావను కోరుట్లకు తెచ్చిన రోజు మధ్యాహ్నం ఎండ బాగా ఉంది. విమానాశ్రయం నుంచి కారు మాట్లాడుకుని నేనే తీసుకొచ్చాను. గల్లీలో బీడీలు చేసే ఆడవాళ్లందరూ చాటలు పక్కన పెట్టి నిలబడ్డారు. అక్క ఏడుస్తుందని అందరూ ఎదురుచూశారు. ఆమె బావ చెయ్యి భుజం మీద వేసుకుని, గడప దగ్గర, ‘మెల్లగ, రాయున్నది’ అంది. అంతే. మంచం మీద కూర్చోబెట్టి, నాకు మంచినీళ్లిచ్చింది.

నేను ఆమెతో ఒంటరిగా మాట్లాడాలని వంటగదిలోకి పోయాను. ఏం చెప్పాలో కారులో దారిపొడుగునా కూర్చుకున్నాను. నేను మొదలుపెట్టకముందే ఆమె అంది.

‘నువ్వు బాగున్నదన్నవని ఆయన గూడ నమ్మిండట తమ్మీ.’

నిందగా అనలేదు. అన్నం గంజి వారుస్తూ, మామూలుగా అంది. నాకు అర్థం కాలేదు. రంగు పూసింది ఆయనే గదా, ఆయన నమ్మడమేమిటి? సాయంత్రం బావే చెప్పాడు. మంచం మీద మిగిలిన కాలు చాపుకుని, లేని కాలి మీద దుప్పటి సరిచేసుకుంటూ.

‘ఫోటోలకు మొదాలు మీ అక్క కోసమే పూసిన. నువ్వు ఎనభై ఐదన్నవని ఆమె జెప్పింది. నేననుకున్న, గింత సదువుకున్నోడు అంటున్నడంటె లోపట నిజంగనే కండ పుట్టిందేమో, పైన మందుండబట్టి నాకు కనబడుతలేదేమో అని. ఇగ కడిగి సూడబుద్ది కాలే.’

ఆయన ఒక అబద్ధం పూసి పంపాడు. నేను దానిమీద అంకె వేసి తిప్పి పంపాను. నా దగ్గరికి వచ్చేటప్పుడు అది రంగు, ఆయన దగ్గరికి తిరిగి పోయేటప్పటికి నిజం. మనిషి తనను తాను మోసం చేసుకోవడానికి కూడా చదువుకున్నవాడి సాక్ష్యం కావాలి కాబోలు.

బావ పెట్టెలో ఆ ఎర్రమందు సీసా కూడా వచ్చింది. గదిలోవాళ్లు సామాన్లు సర్దేటప్పుడు ఆయనదే అనుకుని పెట్టేశారు. సగానికి పైగా ఉంది. అక్క పారేయబోతే నేను అడిగి తీసుకున్నాను. ఎందుకో అప్పటికి నాకూ తెలియదు.

సోమవారం తరగతిలో ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన తెర మీద వేశాను. ఈసారి బావను అడిగాను. ‘ఏసుకో, ఇగ దాసేటందుకేమున్నది’ అన్నాడు. ఎడమవైపు పూసినది, కుడివైపు కడిగినది. జరిగింది చెప్పాను. ఎవరి కాలో చెప్పాను. ఎవరు సరిగ్గా చదివారో, ఎవరు కూర్చోమన్నారో చెప్పాను. నా తప్పు ఒప్పుకుంటే ఆ అమ్మాయికి గర్వంగా ఉంటుందని అనుకున్నాను. ఇదీ ఒక తెలివితక్కువతనమే. ఆ అమ్మాయి తల వంచుకుని, నోట్సులో ఆ పేజీ తీసి, దాన్నే చూస్తూ కూర్చుంది. తరగతి అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

‘నేను గా రోజు ఇంకోసారి లేస్తె బాగుండు సార్.’

‘లేస్తే మళ్ల కూసోమందును’ అన్నాను.

‘అయినా లేవాల్సుండె’ అంది.

తన తండ్రిని ఎగతాళి చేసినందుకు క్షమించమని అడిగాను. దానికి జవాబు చెప్పలేదు. కొన్నాళ్లకు సెలవులకు పోయివచ్చి, ‘మా బాపుకు జెప్పిన సార్. పసుపు మీద ఎరుపు గుర్తువట్టినవా అని అడిగిండు’ అని మాత్రం చెప్పింది. చెప్పేటప్పుడు ఒకసారి నవ్వింది. నాకు ఇచ్చిన జవాబు అదేననుకుంటాను.

బావ కాలు కోసిన చోట ఒక మూల కుట్టు విడిపోయి చిన్న పుండు మిగిలింది. అది మానడానికి నెలలు పట్టింది. ప్రతి ఆదివారం నేను పోయి కట్టు విప్పి, సెలైన్‌తో కడిగి, తలుపు దగ్గర వెలుతురులో ఫోటో తీసేవాణ్ణి. కొలత కాగితం బావే పట్టుకోవాలి. అది నేను ఆయనకు వేసిన శిక్ష. ‘సక్కగ పట్టు, వంకరపోతున్నది’ అని గదమాయిస్తే, ‘సాంచ కాడ గూడ గింత సతాయించలేదు’ అని గొణిగేవాడు. ఎంత శాతం అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. ఒక ఆదివారం అడుగున చిన్న చిన్న బుడిపెలు కనబడ్డాయి. తడిగా, గులాబీ కలిసిన ఎరుపు, వెలుతురు పడితే మెరుస్తూ. అంచు దగ్గర ఆగిన ఎరుపు. అక్క చాట పక్కన పెట్టి వచ్చి వంగి చూసింది.

‘గిదేనా అసలుది?’ అంది.

అవునన్నాను. చాలాసేపు చూసింది. ‘గిది గంత ఎర్రగ ఏం లేదు’ అని మళ్లీ పోయి కూర్చుంది.

బావ ఇప్పుడు కట్టెకాలు పెట్టుకుని, అక్కతో సిరిసిల్లకే తిరిగి వచ్చి, కూర్చుని నూలు కండెలు చుడుతున్నాడు. నడిచే పని కాదు గనుక. మిగిలిన కాలి కింద అక్క రోజూ పొద్దున అద్దం పెట్టి, వేళ్ల సందులతో సహా చూస్తుంది. ఆ అమ్మాయి చదువు అయిపోయి ఒక ఆసుపత్రిలో కట్ల గదిలో పనిచేస్తోంది.

ఇక ఆ సీసా. మా కాలేజీ ప్రయోగశాలలో రబ్బరు పాదం ఒకటి ఉంది. దాని అరికాల్లో పుండు గుంట, అడుగంతా పసుపు రంగు స్లఫ్ ఉన్నట్టు తయారుచేశారు. ప్రతి ఏడూ కొత్త పిల్లలు రాకముందే నేను తలుపు వేసుకుని ఆ గుంటలో ఎర్రమందు పూస్తాను. వాళ్లను పిలిచి, ఫోటో తీసి పది సెకన్లలో చెప్పమంటాను. గ్రాన్యులేషన్ ఎనభై శాతం అని ఒకరు, తొంభై అని ఒకరు పోటీపడతారు. నా పాత గొంతు నాకే వినిపిస్తుంది. తెలివిగలవాళ్లందరూ చెప్పాక, తడి గాజుగుడ్డ ఇచ్చి తుడవమంటాను. గుడ్డ ఎర్రబడుతుంది. గదిలో నవ్వు ఆగిపోతుంది. అప్పుడు ఆల్బం తీస్తాను. మొదటి పేజీలో బావ ఫోటో, దాని కింద నా చేతిరాతతో నేను ఇచ్చిన తీర్పు.

పోయిన జూన్‌లో ఒక పిల్ల ఫోటో తీయకముందే, ‘కడగనిదే ఎట్ల జెప్పాలె సార్?’ అంది. ఏ ఊరని అడగలేదు. సీసాలో అడుగున మిగిలిన నాలుగు చుక్కలూ తొట్టిలో ఒంపేశాను. కొళాయి తిప్పాను. ఎరుపు కాసేపు తిరిగి తిరిగి, లేత నారింజ అయ్యి, పోయింది.